తోటలో దొంగని కొడితే మా మావయ్య మీదే కేసు పెట్టారు, అసలు ఎంతవరకు కొట్టొచ్చు?

ఉద్దానం గుంటడు (శనివారం రాత్రి 9:12)

అందరికీ నమస్కారం. మాది పలాస వైపు, ఉద్దానం. మా మావయ్యకి నాలుగెకరాల జీడితోట ఉంది. తిత్లీ తుపానులో సగం చెట్లు కూలిపోతే మళ్ళీ నాటినవి ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి, అందుకని సీజన్లో రాత్రుళ్ళు తోటలోనే పాకలో పడుకుంటాడు. పోయిన వారం రాత్రి రెండు గంటలప్పుడు ముగ్గురొచ్చి ఆరబెట్టిన జీడిపిక్కలు బస్తాల్లోకి ఎత్తుకుంటున్నారు. కుక్క మొరిగితే మావయ్య లేచి టార్చి వేసి, కర్ర పట్టుకుని వెళ్ళాడు. ఇద్దరు పారిపోయారు. మూడోవాడు భుజాన బస్తాతో దొరికాడు, మావయ్య కొట్టాడు, వాడి కాలు విరిగింది.

తెల్లారేసరికి వాడి వాళ్ళు ఆసుపత్రిలో చేర్పించి కేసు పెట్టారు. మావయ్య మీద 118(2) సెక్షన్ అని రాశారంట. మేము దొంగతనం కంప్లైంట్ ఇస్తే మాత్రం రేపు రండి, ఎల్లుండి రండి అని మూడు రోజులు తిప్పారు. మా తోటలోకి మా పిక్కల కోసం వచ్చినోడిని కొడితే మేమే ముద్దాయిలం ఎలాగవుతాం? సెల్ఫ్ డిఫెన్స్ అని ఒకటుంది కదా? ఇంట్లో అత్తయ్య ఒకటే ఏడుపు, చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

నాగావళి గట్టు (9:31)

ఏటి తమ్ముడూ దీనికి భయమెందుకు. రాత్రి పూట దొంగతనానికి వచ్చినవాడిని చంపినా తప్పు లేదని చట్టంలోనే ఉంది. పాత ఐపీసీలో 103, ఇప్పుడు బీఎన్‌ఎస్‌లో 41 అయింది. సూర్యాస్తమయం తర్వాత సూర్యోదయం లోపల వచ్చాడంటే ప్రాణం తీసే దాకా హక్కు ఉంటుంది. కాలు విరగ్గొట్టడం దాని ముందు ఎంత? నేను గ్రూప్ 2కి చదివినప్పుడు ఈ సెక్షన్ బట్టీ పట్టాను, నమ్ము. మంచి లాయర్ని పెట్టుకుంటే మొదటి వాయిదాకే కొట్టేస్తారు.

సోంపేట సుబ్బడు (9:38)

మొదటి వాయిదాకి కొట్టేసిన కేసు నేను నలభై ఏళ్ళలో చూడలేదు గట్టు గారూ 😀 మొదటి వాయిదాకి ఆ కాయితమే దొరకదు.

కోట జంక్షన్ ప్లీడరు (10:05)

నేను విజయనగరంలో క్రిమినల్ సైడ్ ప్రాక్టీసు చేస్తాను, ఇరవై రెండేళ్ళు అయింది. గట్టు గారు సెక్షన్ నంబరు కరెక్టుగానే చెప్పారు, సగం మాత్రమే చదివారు. 41లో రాత్రి మాట ఉన్నమాట నిజం. కానీ అది రాత్రి దొంగతనం గురించి కాదు, రాత్రి ఇల్లు బద్దలు కొట్టి జొరబడడం గురించి. తలుపు గడియ పీకి, గోడకి కన్నం వేసి, కప్పు విప్పి లోపలికి దిగినవాడి గురించి. ఇల్లే కానక్కర్లేదు, మనిషి ఉండే గుడారమైనా సరుకు దాచే కొట్టయినా సరిపోతుంది. ఆరుబయట తోటలో టార్పాలిన్ కింద ఉన్న పిక్కలు ఎత్తుకుపోవడం రాత్రి రెండింటికైనా పగలు రెండింటికైనా మామూలు దొంగతనమే.

మామూలు దొంగతనానికి ఆస్తిని కాపాడుకునే హక్కు ఉంది, అయితే అది చావు తప్ప ఎంతైనా హాని చేసే దాకా మాత్రమే. అది కూడా అవసరమైనంత మేరకే. చంపే దాకా పోవాలంటే ఆ దొంగతనంలో మన ప్రాణానికో, పెద్ద దెబ్బకో భయం కలిగే పరిస్థితి ఉండాలి, లేదా అది దోపిడీ అయి ఉండాలి. ఇక్కడ చావు లేదు కాబట్టి ఆ గొడవ మనకొద్దు. కాలు విరగడం హక్కులో పట్టవచ్చు, పట్టకపోవచ్చు. దానికి నాకు ఒక్క విషయం తెలియాలి.

బాబూ ఉద్దానం, మీ మావయ్య దెబ్బ వేసినప్పుడు బస్తా ఎక్కడుంది?

ఉద్దానం గుంటడు (10:11)

వాడి భుజం మీదే ఉందండి.

కోట జంక్షన్ ప్లీడరు (10:14)

భుజాన బస్తా ఉన్నవాడికి కాలి మీద కర్ర దెబ్బ ఎలా తగిలింది? ముందు నుంచా వెనక నుంచా? మోకాలి కిందనా పైనా? ఇవన్నీ ఎందుకు అడుగుతున్నానంటే వాళ్ళ దగ్గర ఊండ్ సర్టిఫికెట్ ఉంటుంది, అందులో డాక్టరు ఎక్కడ తగిలిందో రాస్తాడు. మీరు ఇక్కడ ఏం చెప్పినా కోర్టులో ఆ కాయితంతో పోల్చి చూస్తారు.

బొబ్బిలి వీణ (10:26)

ప్లీడరు గారూ, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, మాది కూడా ఇలాంటిదే. మా పక్క పొలం వాళ్ళు గట్టు జరిపి మా రెండు సెంట్లలో చెట్లు నాటారు. అవి పీకేయడానికి వెళ్తే వాళ్ళు కర్రలతో వచ్చారు. పోలీసులు సివిల్ మేటర్ అంటున్నారు. ఆ స్థలం మాదే, పాస్‌బుక్ ఉంది. మా భూమిలోకి వచ్చినవాళ్ళని మేము కొట్టి పంపించవచ్చా?

కోట జంక్షన్ ప్లీడరు (10:40)

అమ్మా, మీది వేరే. చెట్లు నాటి ఎన్నాళ్ళయింది? వాళ్ళు నిన్న రాత్రి దిగితే ఈరోజు పొద్దున్న మీరు వెళ్ళి అడ్డుకోవచ్చు, నెట్టేయవచ్చు. వాళ్ళు ఏడాదిగా అక్కడ పాతుకుపోయి, మీకు తెలిసి కూడా మీరు ఊరుకుని ఉంటే వాళ్ళ స్వాధీనం స్థిరపడినట్టే లెక్క, అప్పుడు పాస్‌బుక్ చేతిలో ఉన్నా బలంతో ఖాళీ చేయించకూడదు. 1968లో మున్షీ రామ్ కేసు, 1975లో పూరణ్ సింగ్ కేసు, రెండింటిలోనూ సుప్రీం కోర్టు చూసింది ఇదే, కాగితం ఎవరి పేర ఉందని కాకుండా నేల ఎవరి కింద స్థిరంగా ఉందని. మీరు సివిల్ కోర్టుకే పోవాలి. విడిగా ఒక పోస్టు పెట్టండి, ఇక్కడ కలిపితే రెండూ గందరగోళం అవుతాయి.

బొబ్బిలి వీణ (10:43)

మూడేళ్ళయిందండి నాటి. సరే, విడిగా పెడతాను.

ఉద్దానం గుంటడు (11:20)

మావయ్యకి ఫోన్ చేసి మళ్ళీ అడిగాను. కొంచెం తేడాగా చెప్పాడు. మొదటి దెబ్బ భుజం మీద వేశాడంట, బస్తా కింద పడిపోయింది. వాడు బస్తా ఒగ్గేసి కంచె వైపు పరిగెత్తాడు. మావయ్య వెనకాల పడ్డాడు. వాడు ముళ్ళకంచె ఎక్కుతుంటే కాలి మీద ఇంకో దెబ్బ వేశాడు. విరిగింది అప్పుడే.

నాకు నిన్నటి దాకా ఒక్క దెబ్బ అనే చెప్పాడు, అందుకే అలా రాశాను.

సోంపేట సుబ్బడు (11:24)

ఇదీ అసలు కథ.

మాజీ హెచ్‌సీ (ఆదివారం ఉదయం 6:50)

నేను ముప్పై మూడేళ్ళు డిపార్ట్‌మెంట్లో చేసి రిటైర్ అయ్యాను. ఏ స్టేషనని అడగకండి. తోట కేసులు చాలా చూశాను, జీడిపిక్కలు, కొబ్బరికాయలు, పనసపళ్ళు, ఒకసారి మోటారు. అన్నింటిలోనూ మొదటి దెబ్బకి ఎవరూ ఏమీ అనరు, కేసయ్యేది రెండో దెబ్బే. దొంగ దొరికాక చెట్టుకి కట్టేసి పదిమంది కలిసి కొట్టేస్తారే, అప్పుడు వాళ్ళు రైతులు కాదు ముద్దాయిలు. దొంగ చనిపోతే ఊరు ఊరంతా మంచం కింద దూరుతుంది.

ఇంకో మాట. పోలీసుల దగ్గరికి రాగానే రైతు మొదట అనేది "కోపం ఆపుకోలేక కొట్టానండి" అని. పోలీసు దగ్గర చెప్పిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు గానీ ఆ మాట ఊళ్ళో పదిమంది దగ్గర అంటాడు చూడండి, వాళ్ళు సాక్షులవుతారు. మీ మావయ్య ఎవరెవరితో ఏమన్నాడో కనుక్కోండి.

కోట జంక్షన్ ప్లీడరు (8:15)

హెచ్‌సీ గారు చెప్పిన రెండో దెబ్బ మాటే ఈ కేసు మొత్తం. కొంచెం నిదానంగా చెప్తాను.

దొంగతనం విషయంలో ఆస్తి కాపాడుకునే హక్కు ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిపోతుందో బీఎన్‌ఎస్ 43లో ఉంది. మన ఆస్తికి ప్రమాదం ఉందని సహేతుకంగా అనిపించిన క్షణంలో మొదలవుతుంది, అంటే వాడు బస్తా ఎత్తే దాకా కూడా ఆగక్కర్లేదు. మూడు సందర్భాల్లో ఆగుతుంది. దొంగ వస్తువుతో సహా తప్పించుకుని వెళ్ళిపోయినప్పుడు, పోలీసుల సాయం అందినప్పుడు, లేదా వస్తువు తిరిగి మన చేతికి వచ్చినప్పుడు.

మీ మావయ్య విషయంలో బస్తా కింద పడిన క్షణంలో వస్తువు తిరిగి వచ్చేసినట్టే. అక్కడిదాకా భుజం మీద దెబ్బ పూర్తిగా హక్కులో ఉంది, దాని గురించి నాకు ఏ దిగులూ లేదు. ఆ తర్వాత ఖాళీ చేతులతో పారిపోతున్నవాడి కాలు విరగ్గొట్టడం కాపాడుకోవడం కాదు, శిక్షించడం. శిక్షించే పని చట్టం రైతుకి ఇవ్వలేదు, పోలీసుకి కూడా ఇవ్వలేదు. 1963లో జై దేవ్ కేసులో సుప్రీం కోర్టు పారిపోతున్నవాళ్ళని వెంటాడి కాల్చడం గురించి ఇదే చెప్పింది, ప్రమాదం తప్పిపోయాక హక్కు కూడా పోతుందని.

నాగావళి గట్టు (8:41)

అయితే ప్లీడరు గారూ, దొంగని పారిపోనిచ్చి చేతులు కట్టుకుని కూర్చోవాలా? పట్టుకునే హక్కు మామూలు మనిషికి కూడా ఉంది కదా? నేను చదివాను అది కూడా.

కోట జంక్షన్ ప్లీడరు (9:10)

ఉంది, ఈసారి మీరు పూర్తిగా కరెక్టు. కళ్ళ ముందు కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్ నేరం చేసినవాడిని ఎవరైనా పట్టుకోవచ్చు, ఆరు గంటల లోపల పోలీసులకి అప్పగించాలి, కొత్త ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 40. పట్టుకోవడానికి కావలసినంత బలం వాడొచ్చు కూడా, కాలు అడ్డం పెట్టి పడేయడం, చేతులు విరిచి పట్టుకోవడం లాంటివి. నేను ఈ కేసులో వాదిస్తే ఇదే ముందు పెడతాను, కంచె దగ్గర దెబ్బ శిక్ష కాదు, వాడిని ఆపడానికి వేసిన దెబ్బ అని.

కానీ ఇందులో ఒక మెలిక ఉంది. కొత్త చట్టంలో 5000 రూపాయల లోపు విలువైన దొంగతనం నాన్ కాగ్నిజబుల్ అయింది, దానికి ఈ పట్టుకునే హక్కు వర్తించదు. ఉద్దానం, ఆ బస్తాలో ఎన్ని కేజీలున్నాయి? నిండు బస్తానా, సగమా?

ఉద్దానం గుంటడు (9:32)

సగం కూడా నిండలేదండి. మావయ్య మర్నాడే మిగతా వాటితో కలిపేశాడు. ముప్పై కేజీల పైన ఉంటుందంటున్నాడు. తూచలేదు.

సోంపేట సుబ్బడు (9:40)

పలాసలో బస్తా అంటే ఎనభై కేజీలు. ముప్పై కేజీలు అయిదు వేలకి ఇటూ అటూ. నీ మావయ్య ముందు కాటా వేయించి ఉంటే గొడవే ఉండేది కాదు కదా బావూ.

కోట జంక్షన్ ప్లీడరు (9:52)

సుబ్బడు గారు నవ్వుకున్నా సరే, నిజంగా కాటాయే కావాలి. మిగతా ఇద్దరు ఎత్తుకుపోయినవి కూడా ఉంటే అవి కూడా కలుస్తాయి. ఎంత పోయిందో కొలతతో సహా కంప్లైంట్‌లో రాయండి. స్టేషన్లో తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో ఎస్పీ గారికి పంపండి, రసీదు దాచండి. ఆలస్యం అయితే "కౌంటర్ కేసుగా తర్వాత అల్లారు" అని అవతలి లాయరు అంటాడు, మూడు రోజులు తిప్పారన్న విషయం కూడా అందుకే తేదీలతో రాయాలి.

మెళియాపుట్టి రైతు (11:05)

ఈ కర్రలూ కోర్టులూ ఎందుకు, తోట చుట్టూ కరెంటు తీగ పెట్టుకుంటే దొంగలూ రారు, అడవిపందులూ రావు. మా దగ్గర చాలామంది పెడతారు. మన తోట, మన కంచె, రావద్దని బోర్డు పెడితే ఇక మన బాధ్యత ఏముంది? వచ్చినవాడి తప్పు కదా. దీని గురించి ఎవరూ మాట్లాడరేంటి?

కోట జంక్షన్ ప్లీడరు (11:30)

దయచేసి ఆ పని చేయకండి అన్నా, ఇప్పటికే ఉంటే ఈరోజే తీసేయండి. 1960ల్లో బీహార్ నుంచి చెరుబిన్ గ్రెగరీ అని ఒక కేసు సుప్రీం కోర్టుకి వెళ్ళింది. పక్కింటివాళ్ళు తన మరుగుదొడ్డి వాడుకుంటున్నారని ఒకాయన ఆ దారిలో కరెంటు పారే రాగి తీగ కట్టాడు. పక్కింటామె చెయ్యి తగిలి అక్కడే చనిపోయింది. తన ఆస్తిలోకి అక్రమంగా వచ్చింది కాబట్టి తనకి ఆత్మరక్షణ హక్కు ఉందని ఆయన వాదించాడు. కోర్టు ఒప్పుకోలేదు, శిక్ష ఖాయం చేసింది. అనుమతి లేకుండా అడుగు పెట్టినంత మాత్రాన మనిషి ప్రాణానికి చట్టం రక్షణ లేకుండా పోదని దాని సారం.

తీగకీ కర్రకీ తేడా చూడండి. కర్ర పట్టుకున్న మీ చేతికి కళ్ళున్నాయి, ఎదురుగా ఉన్నది దొంగో, మేక వెతుక్కుంటూ వచ్చిన పిల్లాడో చూసి ఆగుతుంది. తీగకి అది తెలియదు. మీరు నిద్రలో ఉన్నప్పుడు మీ తరఫున ఎంత బలం వాడాలో అది ఎలా నిర్ణయిస్తుంది? అందుకే ఇలాంటి చావుల్లో ఆత్మరక్షణ అనే మాటకే తావు ఉండదు. లైను మీద కొక్కెం వేసి పెడితే కరెంటు దొంగతనం కేసు దానికి అదనం.

మెళియాపుట్టి రైతు (11:48)

బోర్డు పెట్టినా?

మాజీ హెచ్‌సీ (12:15)

రాత్రి రెండింటికి బోర్డు ఎవడు చదువుతాడు బాబూ. నేను తీగ తగిలి పోయిన మనిషిని తోటలో నుంచి మోసుకొచ్చినప్పుడు, ఆయన దొంగ కాదు, ఆ తోట రైతు తమ్ముడే. అంతకన్నా చెప్పను.

మెళియాపుట్టి రైతు (12:20)

🙏

రాజాం అక్క (2:05)

నేను మొదటి నుంచి చదువుతున్నాను. నాకొకటి అర్థం కాలేదు. రాత్రి రెండు గంటలు, చీకటి, ముగ్గురు మగాళ్ళు, ఒక్క ముసలాయన. ఆ క్షణంలో ఆయన బస్తా పడిందా, వస్తువు తిరిగొచ్చిందా, హక్కు అయిపోయిందా అని లెక్కలు వేసుకుంటాడా? జడ్జి గారు ఫ్యాను కింద కూర్చుని లెక్క వేయడం తేలికే.

కోట జంక్షన్ ప్లీడరు (2:40)

అక్కా, ఆ మాట సుప్రీం కోర్టే చాలాసార్లు అంది, ఆ కంగారులో మనిషి ఎంత బలం వాడాడో బంగారం తూచే త్రాసులో పెట్టి తూచకూడదని. 2010లో దర్శన్ సింగ్ కేసులో ఈ విషయాలన్నీ ఒకచోట పెట్టారు. మనిషి ముందు పారిపోవడానికి ప్రయత్నించాలని కూడా చట్టం అడగదు. నిజంగా ప్రమాదం ఉందా అని కాదు, ఆ పరిస్థితిలో ఉన్న మామూలు మనిషికి ప్రమాదం ఉందని అనిపిస్తుందా అని చూస్తారు.

రుజువు విషయంలో కూడా ముద్దాయికి కొంత వెసులుబాటు ఉంది. ఆత్మరక్షణ అని చెప్పుకుంటే దాన్ని ముద్దాయే చూపించాలి, కానీ పోలీసులు నేరం రుజువు చేసినంత గట్టిగా అక్కర్లేదు, ఇలా జరిగి ఉండడానికే ఎక్కువ అవకాశం ఉంది అనిపిస్తే చాలు. వాళ్ళ సాక్షుల్ని క్రాస్ చేసి వాళ్ళ నోటితోనే చెప్పించినా చాలు.

అయితే ఆ వెసులుబాటు దెబ్బ ఎంత గట్టిగా పడిందన్న దానికి. ఇరవై అడుగులు వెంటాడి వేసిన దెబ్బకి అంత తేలిగ్గా రాదు. పరిగెత్తినంత సేపు ఆలోచించుకునే టైము దొరికింది కదా అంటారు.

ఉద్దానం గుంటడు (సాయంత్రం 5:30)

ఇంకో విషయం తెలిసింది, రాయాలా వద్దా అని మధ్యాహ్నం నుంచి ఆలోచిస్తున్నాను. కంచె దగ్గర వాడు వెనక్కి తిరిగి కత్తి తీశాడని మావయ్య ఇప్పుడు అంటున్నాడు. కత్తి అక్కడే పడిపోతే తెల్లారి అత్తయ్య తీసి ఇంట్లో పెట్టిందంట. స్టేషన్లో ఎందుకు చెప్పలేదంటే "వాళ్ళు అడగలేదు" అంటున్నాడు.

నాగావళి గట్టు (5:36)

ఇక అయిపోయింది కదా! కత్తి తీస్తే ప్రాణ రక్షణ, 38. ఇప్పుడు చంపినా తప్పు లేదు. ఈసారి నేను కరెక్టే కదా ప్లీడరు గారూ?

మాజీ హెచ్‌సీ (5:58)

గట్టు గారూ, మీరు చదివిన చట్టం కరెక్టే, ఆ కత్తి కథని నమ్మేదెవరు? ఎఫ్‌ఐఆర్‌లో లేదు, పోలీసులు చోటు చూడ్డానికి వచ్చినప్పుడు చెప్పలేదు, వారం తర్వాత మేనల్లుడికి చెప్పాడు. నేను దర్యాప్తు చేస్తే మొదట అనుకునేది "లాయరు నేర్పించాడు" అని. అబ్బాయి అబద్ధం చెప్తున్నాడని నేననను, కానీ ఇలా కనిపిస్తుంది.

కోట జంక్షన్ ప్లీడరు (7:20)

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది.

కత్తి నిజమైతే కేసు మొత్తం తిరుగుతుంది. అప్పుడు కంచె దగ్గర దెబ్బ బస్తా కోసం కాదు, ఒంటి కోసం. ఒంటి రక్షణ హక్కు ఆస్తి హక్కుతో పాటే పోయి ఉండదు, ప్రమాదం మళ్ళీ కనబడితే మళ్ళీ పుడుతుంది. తిరిగి కత్తి తీసినవాడి కాలి మీద కర్ర దెబ్బ వేయడం నా ఉద్దేశంలో తక్కువే. కత్తి పొడిచే దాకా ఆగమని ఏ చట్టమూ అనదు.

కాని ఇక్కడ కూడా అవతలి లాయరు ఒకటి అడుగుతాడు, నేనైనా అడుగుతాను. వాడు కంచె ఎక్కుతున్నాడా, వెనక్కి తిరిగాడా? రెండూ ఒకేసారి ఎలా? దెబ్బ కాలి వెనక పిక్క వైపు తగిలిందా, ముందు ఎముక మీద తగిలిందా? వెనక నుంచి తగిలితే తిరిగాడన్న మాట నిలబడదు. ఊండ్ సర్టిఫికెట్ కాపీ ఎలాగైనా తెప్పించండి, ఎక్స్‌రే కూడా. ఒక్కటే ఉంది మనకి పనికొచ్చేది, కత్తి ఎవరిదో తేలితే. వాడి ఊరి వాళ్ళు గుర్తుపట్టే కత్తి అయితే మరీ మంచిది.

రాజాం అక్క (7:31)

పారిపోయిన ఆ ఇద్దరి దగ్గర కూడా బస్తా ఉంది కదా. వాళ్ళు పట్టుకుపోతుంటే ఆస్తి ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు కదా. మరి ఆ హక్కు ఇంకా నడుస్తున్నట్టేనా?

కోట జంక్షన్ ప్లీడరు (7:50)

అక్కా, మీరు లా చదవాల్సింది. ఈ ప్రశ్న నేను నిన్న రాత్రి నుంచి నాలో నేనే వేసుకుంటున్నాను. ముగ్గురూ కలిసి చేసిన ఒకే దొంగతనం, మిగతా సరుకు ఇంకా కదులుతోంది, కాబట్టి హక్కు ఆగలేదు అని ఒక వాదన. వీడి చేతిలో ఏమీ లేదు, వీడిని కొడితే ఆ బస్తా వెనక్కి రాదు, కాబట్టి ఆ దెబ్బ అవసరమైనంత కాదు అని ఎదురు వాదన. నేనైతే మొదటిది వాదిస్తాను. జడ్జి గారు ఒప్పుకుంటారని మాటివ్వలేను.

సోంపేట సుబ్బడు (8:02)

పోనీ రాజీ చేసుకోండి. వాడు పక్క ఊరివాడే కదా. దొంగతనం కేసు మీరు వెనక్కి తీసుకోండి, కాలు కేసు వాళ్ళు వెనక్కి తీసుకుంటారు, లోక్ అదాలత్‌లో అయిపోతుంది. వైద్యం ఖర్చు కొంత ఇస్తే సరి.

కోట జంక్షన్ ప్లీడరు (8:25)

మా వాళ్ళు కూడా అదే సలహా ఇస్తారు, కానీ అందుకు సెక్షన్ అడ్డు. ఎముక విరిగితే 117(2), అది కోర్టు అనుమతితో రాజీ అవుతుంది. ప్రమాదకరమైన ఆయుధంతో విరగ్గొట్టారంటే 118(2), ఏడాది నుంచి పదేళ్ళ దాకా, యావజ్జీవం కూడా పడొచ్చు, అది లోక్ అదాలత్‌లో రాజీ అవదు. కాబట్టి ఇప్పుడు ముందు కొట్లాడాల్సింది ఆ కర్ర ఏమిటన్న దాని మీద. ఆవుల్ని తోలే కర్రా, ఇనుప పొన్ను వేసిన దుడ్డుకర్రా? ఉద్దానం, కర్ర ఎక్కడుంది? పోలీసులు తీసుకున్నారా?

ఉద్దానం గుంటడు (8:40)

తీసుకున్నారండి. వెదురు గెడ, పిక్కలు రాల్చేది. పొన్ను లేదు.

కోట జంక్షన్ ప్లీడరు (8:44)

మంచిది. పిక్కలు రాల్చే గెడ ప్రతి తోటలో ఉంటుంది, దొంగల కోసం తెచ్చి పెట్టుకున్నది కాదు. రేపు మీ మావయ్యని తీసుకుని మీ లాయరు దగ్గరికి వెళ్ళండి. వెళ్ళే ముందు టేపు తీసుకుని తోటలో పాక నుంచి బస్తా పడిన చోటుకి, అక్కడి నుంచి కంచెకి ఎంత దూరమో కొలిచి ఫొటోలు తీయండి. కత్తి ఎవరూ ముట్టుకోవద్దు, కడగొద్దు, గుడ్డలో చుట్టి లాయరు గారి ద్వారానే పోలీసులకి ఇప్పించండి. ఎప్పుడు దొరికింది, ఇన్నాళ్ళు ఎందుకు ఇవ్వలేదు అన్నది అత్తయ్య గారే ఉన్నదున్నట్టు చెప్పాలి, మీరు కలిపి చెప్పొద్దు.

ఉద్దానం గుంటడు (సోమవారం ఉదయం 7:15)

కొలిచాను. పాక నుంచి బస్తా పడిన చోటుకి పద్దెనిమిది అడుగులు, అక్కడి నుంచి కంచెకి నలభై ఒకటి.

కత్తి అత్తయ్య కడిగేసిందండి. నాలుగు రోజులుగా దాంతోనే పనసకాయ కోస్తోంది.

మాజీ హెచ్‌సీ (7:22)

నలభై ఒకటా.

కోట జంక్షన్ ప్లీడరు (7:30)

సరే, కత్తి అలాగే తెమ్మనండి, ఇక కోయొద్దు అని చెప్పండి. పిడి మీద ఏమైనా పేరో గుర్తో చెక్కి ఉందేమో చూసి ఫొటో నాకు మెసేజ్‌లో పెట్టండి, ఇక్కడ పెట్టకండి.